నాలుగున్నర రోజులు: సరైనట్టే కనిపించే తప్పు జవాబు

రాము ఒక పనిని 6 రోజుల్లో చేస్తాడు. అదే పని సోముకు 12 రోజులు పడుతుంది. ఇద్దరూ కలిసి చేస్తే ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది? కాలం–పని పాఠంలో మొదటి పేజీలోనే ఎదురయ్యే లెక్క ఇది. జవాబు 4 రోజులు. కానీ నేను దిద్దే నోటు పుస్తకాల్లో 4తో పాటు మరో మూడు జవాబులు పదే పదే కనిపిస్తాయి: 9, 8, 4½.

ఈ మూడూ ఒకే అలవాటు నుంచి పుట్టినవి. లెక్కలో రెండు సంఖ్యలు, పక్కనే ‘కలిసి’ అన్న మాట కనిపించగానే చెయ్యి సగటు వైపు వెళ్తుంది. 6, 12ల సగటు తీస్తే 9. రోజులకు బదులు ఒక రోజు పనిని తీసుకుని, 1/6, 1/12ల సగటు తీస్తే 1/8, అంటే 8 రోజులు. రోజుల సగటు 9 తీసి, ‘చేసేది ఇద్దరు కదా’ అని దాన్ని 2తో భాగిస్తే 4½.

వీటిలో 9 ఎక్కువసేపు నిలవదు. ‘రాము ఒక్కడే 6 రోజుల్లో చేసే పనికి సోము సాయం కూడా వస్తే 9 రోజులు పడుతుందా?’ అని అడిగితే చాలు, పిల్లలే కొట్టేస్తారు. 8 కూడా అదే ప్రశ్నకు పడిపోతుంది. కాకపోతే కాస్త ఆలస్యంగా పడుతుంది, ఎందుకంటే అది రాసిన విద్యార్థి ఒక రోజు పని అనే సరైన దారి పట్టాడు, ఆ దారిలో వచ్చింది కాబట్టి జవాబును నమ్ముతాడు. అసలు చిక్కంతా 4½తోనే. అది ఏ ప్రశ్నకూ పడదు.

ఒకసారి ఒక అమ్మాయి ఈ జవాబుతో నా దగ్గరికి వచ్చింది. తప్పని ఎర్ర గీత పెట్టాను. ఆమె కదల్లేదు.

“సార్, రాముకు ఒక్కడికే 6 రోజులు. నా జవాబు 4½. తగ్గింది కదా?”

“తగ్గింది.”

“ఇద్దరూ రాము అంత వేగంగా చేస్తే 3 రోజులు. ఇద్దరూ సోము అంత నెమ్మదిగా చేస్తే 6 రోజులు. కాబట్టి జవాబు 3కూ 6కూ మధ్యలో ఉండాలని మీరే చెప్పారు. 4½ ఉంది కదా సార్. మరి తప్పెలా అయ్యింది?”

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు నమ్మదగ్గదో కాదో చూసుకోవడానికి నేను నేర్పిన రెండు పరీక్షల్లోనూ 4½ నెగ్గింది. ‘సూత్రంలో వేస్తే 4 వస్తుందమ్మా’ అంటే సూత్రం సరైనదని తెలుస్తుందే గానీ, ఆమె ఆలోచనలో దోషం ఎక్కడుందో తెలియదు. దోషం తెలియని తప్పు మళ్లీ వస్తుంది. కాబట్టి ముందు లెక్కను కళ్లకు కనిపించేలా చేసుకుందాం.

పని అంటే 12 గదులకు రంగు వేయడం అనుకోండి. 12నే ఎందుకంటే అది 6, 12ల క.సా.గు., భిన్నాల బెడద ఉండదు. రాము 6 రోజుల్లో 12 గదులు వేస్తాడు, అంటే రోజుకు 2 గదులు. సోము రోజుకు 1 గది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే మొదటి రోజు సాయంత్రానికి 3 గదులు అయిపోతాయి. రెండో రోజుకు 6, మూడో రోజుకు 9, నాలుగో రోజుకు 12. పని అయిపోయింది. రాము 8 గదులు వేశాడు, సోము 4 వేశాడు.

ఇక్కడ రేట్లను కూడాం. 2కు 1 కలిపితే 3. ఎందుకు కూడామంటే, సాయంత్రం లెక్కపెట్టేటప్పుడు రాము వేసిన గదులూ సోము వేసిన గదులూ వేరువేరు గదులు, రెండూ పనిలోకే వస్తాయి. కూడిక అనేది సూత్రం పెట్టిన షరతు కాదు, గదులు లెక్కపెట్టడమే. 1/6 + 1/12 = 1/4 అన్నప్పుడు చేస్తున్నదీ ఇదే. కాకపోతే అక్కడ గదులకు బదులు మొత్తం పనిలో ఎన్నో వంతు అని లెక్కపెడుతున్నాం.

ఇప్పుడు 8 సంగతి చూద్దాం. రేట్ల సగటు తీస్తే రోజుకు 1½ గదులు. ఆ లెక్కన 12 గదులకు 8 రోజులు. రోజుకు 1½ గదులు అనేది అబద్ధపు సంఖ్య ఏమీ కాదు. అది ‘ఒక్కో మనిషి సగటున రోజుకు ఎన్ని గదులు వేస్తాడు’ అన్న ప్రశ్నకు సరైన జవాబు. ఒక్కో మనిషికి 1½ చొప్పున ఇద్దరు మనుషులు ఉన్నారు కాబట్టి 3. ఆ చివరి గుణకారం మరిచిపోవడమే ఇక్కడ జరిగిన తప్పు. సగటు తీసేటప్పుడు 2తో భాగించారు, మళ్లీ 2తో గుణించి ఇద్దరినీ పనిలోకి దింపలేదు. అందుకే రేట్ల సగటుతో వచ్చే జవాబు ఎప్పుడూ అసలు జవాబుకు సరిగ్గా రెట్టింపు ఉంటుంది. ముగ్గురు ఉంటే మూడు రెట్లు, నలుగురు ఉంటే నాలుగు రెట్లు. రేట్లు ఏవైనా ఇది మారదు.

అసలు 8 రోజులు సరైన జవాబు అయ్యే సందర్భం ఒకటుంది. గోడలు అందుకోవడానికి ఒకటే నిచ్చెన ఉందనుకోండి. ఒక రోజు రాము వాడతాడు, మర్నాడు సోము వాడతాడు. రెండేసి రోజులకు 3 గదులు అవుతాయి, 12 గదులకు 8 రోజులు పడుతుంది. ‘రోజు విడిచి రోజు పని చేస్తే’ అనే లెక్కలన్నీ ఇవే. కాబట్టి రేట్ల సగటు తీసిన విద్యార్థి తెలియకుండానే వేరే లెక్క చేశాడు. ఇద్దరినీ ఒకేసారి పనిలో పెట్టాల్సింది పోయి, ఒకరి తర్వాత ఒకరిని పెట్టాడు. ప్రశ్నలో ‘కలిసి’ అని ఉంటే ఏ క్షణంలో చూసినా ఇద్దరి చేతులూ ఆడుతూ ఉండాలి. వంతులవారీగా అయితే ఏ క్షణంలో చూసినా ఒక్కరి చేతులే ఆడతాయి. కూడాలా, సగటు తీయాలా అన్నది తేల్చేది ఈ తేడాయే.

వంతులవారీ లెక్కలో కూడా సగటును గుడ్డిగా నమ్మడానికి లేదు. 12, 6 కాబట్టి 8 రోజులకు జత రోజులు సరిగ్గా సరిపోయాయి. సోముకు 12 బదులు 10 రోజులు పడుతుందనుకుందాం. పనిని 30 భాగాలు చేస్తే రాము రోజుకు 5, సోము రోజుకు 3. రెండు రోజులకు 8 భాగాలు, సగటున రోజుకు 4. ఆ లెక్కన 7½ రోజులు. కానీ రాముతో మొదలుపెట్టి చూడండి. ఆరు రోజులకు 24 భాగాలు అవుతాయి, ఏడో రోజు రాము 5 చేస్తే 29. మిగిలిన 1 భాగానికి సోముకు రోజులో మూడో వంతు చాలు. మొత్తం 7⅓ రోజులు. సోముతో మొదలుపెడితే ఏడో రోజుకు 27 అవుతాయి, మిగిలిన 3 భాగాలకు రాముకు రోజులో ఐదింట మూడు వంతులు, అంటే 7⅗ రోజులు. సగటు చెప్పిన 7½ రెండింటిలో ఏదీ కాదు. చివరి జత పూర్తి కాకుండానే పని ముగిసిపోవడం వల్ల ఎవరితో మొదలైందన్నది లెక్కలోకి వస్తుంది.

ఇక ఆ అమ్మాయి రాసిన 4½ దగ్గరికి వస్తాను. మూడింటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇదే. ఎందుకంటే 2తో భాగించి ఇద్దరినీ లెక్కలోకి తెచ్చిందామె, 8 రాసిన విద్యార్థి మరిచిపోయినదాన్ని ఆమె మరిచిపోలేదు. అయినా తప్పింది.

రోజుల సగటు తీసి సగం చేయడం అంటే మొదటే ఒక్కో సంఖ్యను సగం చేసి ఆ తర్వాత సగటు తీసినట్టే. 6లో సగం 3, 12లో సగం 6, వాటి సగటు 4½. ఈ 3, 6 ఏమిటో గదుల్లో చూడండి. రాము సగం పనిని, అంటే 6 గదులను, 3 రోజుల్లో ముగిస్తాడు. సోము తన సగాన్ని 6 రోజుల్లో ముగిస్తాడు. అంటే 4½ వెనక దాగున్న ఊహ ఏమిటంటే, ఇద్దరికీ పనిని సరిసమానంగా, తలా 6 గదులు పంచారు. అలా పంచితే ఏమవుతుంది? మూడో రోజు సాయంత్రానికి రాము తన గదులు ముగించి ఖాళీ అయిపోతాడు. సోము ఇంకా 3 గదులతో ఒంటరిగా ఆరో రోజు దాకా కష్టపడుతూనే ఉంటాడు. ఇల్లు పూర్తయ్యేది ఆరో రోజున. ఆ 3వ రోజుకూ 6వ రోజుకూ నడిమధ్యన ఉన్నదే 4½. ఆ పూటకు పనిలో ఏదీ ముగియదు. రాము ఎప్పుడో ఆగిపోయాడు, సోము నాలుగున్నర గదుల దగ్గర ఉన్నాడు.

ఆ బొమ్మ బోర్డు మీద గీసినప్పుడు ఆ అమ్మాయి వెంటనే అంది: “రాము ఊరికే కూర్చోకూడదు కదా సార్, సోము గదులు కొన్ని తీసుకోవాలి.” అంతే. కలిసి పని చేయడం అంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించడం. ఆ షరతు నిలవాలంటే పని సమానంగా పంచకూడదు, రేట్ల నిష్పత్తిలో పంచాలి. రాముకు 8, సోముకు 4. రాము తన 8 గదులు నాలుగో రోజుకు ముగిస్తాడు, సోము తన 4 గదులు అదే నాలుగో రోజుకు ముగిస్తాడు. సమానంగా ఉండాల్సింది కాలం, పని కాదు. రోజుల సగటు తీసినప్పుడు మనం పనిని సమానం చేసి కాలాన్ని వదిలేస్తున్నాం.

రేట్లను సగటు తీసి 2తో గుణిస్తే సరిపోయినప్పుడు, రోజులను సగటు తీసి 2తో భాగిస్తే ఎందుకు సరిపోదన్న అనుమానానికి కూడా ఇక్కడే జవాబుంది. రెండూ ఒకే పనికి అటు ఇటు వైపుల్లా కనిపిస్తాయి. కానీ రేటు అనేది ‘ఒక్క రోజుకు ఇంత’ అనే లెక్క, ఇద్దరికీ ఆ రోజు ఒక్కటే కాబట్టి కూడుకోవచ్చు. రాము 6 రోజులు, సోము 12 రోజులు అన్నవి వేరువేరు రోజులు. రాము ఆరో రోజున ముగించేసరికి సోము సగం దారిలో ఉంటాడు. ఒకదానిమీద ఒకటి వేసుకోలేని రెండు కాలాలను కూడితే వచ్చే 18కి ఒక అర్థం ఉంది: ఒకరు ఒక ఇల్లు, ఆ తర్వాత రెండోవారు ఇంకో ఇల్లు వేస్తే రెండిళ్లకూ పట్టే రోజులు. మన ప్రశ్నలో ఉన్నది ఒకటే ఇల్లు.

గణితం మాటల్లో చెప్పాలంటే, a, b రోజులు పట్టే ఇద్దరికి కలిసి పట్టే కాలం ab/(a+b), ఇది a, b ల హరమధ్యమంలో, అంటే 2ab/(a+b)లో, సగం. తప్పు జవాబు (a+b)/4, ఇది అంకమధ్యమంలో, అంటే మామూలు సగటులో, సగం. రెండు వేర్వేరు సంఖ్యల అంకమధ్యమం ఎప్పుడూ హరమధ్యమం కన్నా ఎక్కువే. కాబట్టి ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతుంది, అసలు కన్నా ఎక్కువ రోజులు చూపిస్తుంది. ఎంత ఎక్కువో కూడా తేల్చవచ్చు:

(a+b)/4 − ab/(a+b) = (a−b)² / 4(a+b)

మన లెక్కలో పైన 36, కింద 72, తేడా అర రోజు. పైన ఉన్నది తేడా వర్గం అన్నది గమనించండి. ఇద్దరి వేగాలూ దగ్గరగా ఉంటే ఈ తప్పు దాదాపు మాయమైపోతుంది. 10 రోజులు, 12 రోజులు తీసుకుంటే అసలు జవాబు 120/22, అంటే 5 రోజులూ మరో 5/11 వంతు. తప్పు జవాబు 5½. తేడా రోజులో 22వ వంతు. రోజుకు 8 గంటల పని అనుకుంటే ఇరవై రెండు నిమిషాలు కూడా నిండదు. ఆ జవాబు చూసి ఎవరికీ అనుమానం రాదు. పరీక్షలో నాలుగు ఐచ్ఛికాల్లో 5½ కనబడితే, భిన్నం కన్నా అదే అందంగా కూడా ఉంటుంది.

వేగాలు దూరమయ్యేకొద్దీ తప్పు పెరిగి చివరికి తనను తానే బయటపెట్టుకుంటుంది. అది ఎక్కడ జరుగుతుందో కచ్చితంగా చెప్పవచ్చు. రాముకు 6 రోజులు, సోముకు 18 రోజులు అయితే సగటు 12, సగం 6. అంటే సోము వచ్చినా రామే ఒంటరిగా చేసినంత సమయం పట్టింది. అసలు జవాబు ఇక్కడ 4½. సోముకు 24 రోజులు అయితే తప్పు జవాబు 7½, రాము ఒక్కడికన్నా ఎక్కువ. నెమ్మదిగా చేసేవాడికి పట్టే రోజులు వేగంగా చేసేవాడికి పట్టేవాటికి మూడు రెట్లకు చేరేదాకా ‘ఒక్కడికన్నా తగ్గాలి’ అన్న పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. పాఠాల్లో ఇచ్చే జంటలు చూడండి: 10, 15; 12, 18; 20, 30; 6, 12. దాదాపు అన్నీ మూడు రెట్ల లోపే. తప్పు దాక్కోవడానికి వీలున్న చోటే మనం పిల్లలకు సాధన చేయిస్తున్నాం. అప్పుడప్పుడు 5, 45 లాంటి జంట ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అక్కడ సగటు పద్ధతి 12½ ఇస్తుంది, అసలు జవాబు 4½. ఆ పద్ధతిలో ఏదో లోపముందని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇద్దరికి మించి ఉంటే ఎలా ఉంటుందో చూడటానికి భాస్కరాచార్యుడి లీలావతిలోని ఊటల లెక్క కన్నా మంచిది నాకు దొరకలేదు. 1150 ప్రాంతంలో రాసిన ఆ గ్రంథంలో ఒక బావిని నాలుగు ఊటలు నింపుతుంటాయి. విడివిడిగా వదిలితే ఒకటి ఒక రోజులో, రెండోది అర రోజులో, మూడోది రోజులో మూడో వంతులో, నాలుగోది ఆరో వంతులో నింపుతాయి. అన్నింటినీ ఒకేసారి వదిలితే రోజులో ఎన్నో వంతులో నిండుతుంది? భాస్కరుడి పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక్కో కాలాన్ని తిరగేస్తే, ఒక్క రోజులో ఆ ఊట బావిని ఎన్నిసార్లు నింపగలదో వస్తుంది: 1, 2, 3, 6. కూడితే 12. రోజుకు 12 సార్లు నింపగలిగితే ఒక్కసారికి రోజులో 12వ వంతు.

రోజును 24 గంటలుగా తీసుకుంటే కాలాలు 24, 12, 8, 4 గంటలు, జవాబు 2 గంటలు. ఇప్పుడు తప్పు దారుల్లో వెళ్దాం. రేట్ల సగటు రోజుకు 3 సార్లు, అంటే 8 గంటలు. నాలుగో ఊట ఒక్కటే 4 గంటల్లో నింపుతుంది కాబట్టి ఇది ఇట్టే దొరికిపోతుంది, పైగా అసలు జవాబుకు సరిగ్గా నాలుగు రెట్లు. కాలాల సగటు తీసి 4తో భాగిస్తే? 24, 12, 8, 4 కూడితే 48, సగటు 12, నాలుగో వంతు 3 గంటలు. ఇదీ 4 కన్నా తక్కువే, చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉంది. కానీ ఈ 3 గంటల్లో ఊటలు ఎంత నీరిస్తాయో కూడి చూడండి. మొదటి ఊట బావిలో ఎనిమిదో వంతు, రెండోది నాలుగో వంతు, మూడోది ఎనిమిదింట మూడు వంతులు, నాలుగోది నాలుగింట మూడు వంతులు. మొత్తం ఒకటిన్నర బావులు. బావి నిండి నీళ్లు పొర్లిపోయి చాలాసేపయింది.

ఈ తప్పును ఎప్పుడైనా, ఎక్కడైనా పట్టుకునే పరీక్ష ఇదొక్కటే: జవాబుగా వచ్చిన కాలాన్ని తిరిగి లెక్కలో పెట్టి, ఒక్కొక్కరు ఎంత చేశారో కూడి, సరిగ్గా ఒక పని అవుతుందో లేదో చూడటం. 4½ రోజుల్లో రాము 9 గదులు, సోము 4½ గదులు వేస్తారు. మొత్తం 13½. ఇంట్లో ఉన్నవి 12. ‘మధ్యలో ఉందా, తగ్గిందా’ అన్న పరీక్షలు జవాబు ఉండాల్సిన హద్దులను మాత్రమే చెబుతాయి. ఆ హద్దుల్లో సరైన సంఖ్యతో పాటు తప్పు సంఖ్యలకూ బోలెడంత చోటుంటుంది.

హద్దుల మీద మాత్రమే ఆధారపడితే ఎంత మోసం జరుగుతుందో కుళాయి లెక్కల్లో మరింత బాగా తెలుస్తుంది. ఒక గొట్టం తొట్టిని 6 గంటల్లో నింపుతుంది, అడుగున ఉన్న మరో గొట్టం నిండు తొట్టిని 12 గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిస్తే ఖాళీ తొట్టి ఎప్పుడు నిండుతుంది? నీళ్లు పోతున్నాయి కాబట్టి 6 గంటల కన్నా ఎక్కువ పట్టాలి. సగటు 9. ఎక్కువే కదా! ఇందాక ఒక్క ప్రశ్నకే పడిపోయిన 9 ఇక్కడ పరీక్ష నెగ్గేసింది. కానీ 9 గంటల్లో లోపలికి వచ్చే నీరు ఒకటిన్నర తొట్లు, బయటికి పోయేది ముప్పావు తొట్టి. మిగిలింది ముప్పావు తొట్టే. అసలు జవాబు 1/6 − 1/12 = 1/12, అంటే 12 గంటలు. సగటుకు నింపేదేదో ఖాళీ చేసేదేదో తెలియదు, రెండింటినీ ఒకేలా చూస్తుంది.

చివరిగా ఒక లెక్క, నా అనుభవంలో ఈ సగటు అలవాటుకు ఎక్కువ బలం ఇచ్చేది ఇదే. ఎ, బి కలిసి ఒక పనిని 12 రోజుల్లో, బి, సి కలిసి 15 రోజుల్లో, సి, ఎ కలిసి 20 రోజుల్లో చేస్తారు. ముగ్గురూ కలిస్తే? రేట్లు 1/12, 1/15, 1/20. పనిని 60 భాగాలు చేస్తే రోజుకు 5, 4, 3 భాగాలు. కూడితే 12. ఇక్కడ పుస్తకం 2తో భాగించమంటుంది. 6 భాగాలు, 60కి 10 రోజులు. జవాబు సరైనదే. కానీ ఆ ‘2తో భాగించడం’ ఎందుకో చెప్పకపోతే, పిల్లల మనసులో ‘కూడి భాగించాలి’ అనే ముద్ర పడిపోతుంది. కూడి భాగించడం అంటే వాళ్లకు తెలిసింది సగటు. మర్నాడు రాము, సోముల లెక్కలో 1/6, 1/12 కూడి 2తో భాగించి 8 తెస్తారు. ఇంకొందరు ఈ లెక్కలోనే, ఉన్నవి మూడు రేట్లు కదా అని 3తో భాగిస్తారు. రోజుకు 4 భాగాలు, 15 రోజులు. ఎ లేకుండా బి, సి ఇద్దరే చేసినా 15 రోజులే.

ఇక్కడ 2 వచ్చింది మనుషుల సంఖ్య వల్ల కాదు, రేట్ల సంఖ్య వల్లా కాదు. మూడు జతల్లో ఎ రెండుసార్లు ఉన్నాడు, బి రెండుసార్లు ఉన్నాడు, సి రెండుసార్లు ఉన్నాడు. కూడినప్పుడు ఒక్కొక్కరి పని రెండుసార్లు లెక్కకు వచ్చింది. ఆ 12 భాగాలు చేసేది ముగ్గురు కాదు, ఇద్దరు ఎ లు, ఇద్దరు బి లు, ఇద్దరు సి లు, మొత్తం ఆరుగురు. మనకు కావాల్సింది అందులో సగం మంది. నమ్మకం కుదరకపోతే విడివిడిగా తీసి చూడవచ్చు. ముగ్గురూ రోజుకు 6 భాగాలు, అందులో బి, సి చేసేది 4, కాబట్టి ఎ చేసేది 2. అలాగే సి, ఎ చేసేది 3 కాబట్టి బి చేసేది 3. ఎ, బి చేసేది 5 కాబట్టి సి చేసేది 1. ఎ ఒంటరిగా 30 రోజులు, బి 20 రోజులు, సి 60 రోజులు. 2, 3, 1 కూడితే 6. ఈసారి దేనితోనూ భాగించనక్కర్లేదు, ఒక్కొక్కరూ ఒక్కసారే ఉన్నారు కాబట్టి.

ఆ అమ్మాయికి ఆ రోజు చివర ఇచ్చింది ఈ లెక్కే. 2తో భాగించే ముందు ఆగి, పేజీ అంచున చిన్నగా ‘ఎ ఎ బి బి సి సి’ అని రాసుకుంది. తర్వాత భాగించింది.